రూపాయిని కాపాడితే రూపాయలకే కరువు

డాలర్ రేటు మరీ పెరుగుతుంటే ఆర్‌బీఐ తన నిల్వల్లోంచి డాలర్లు అమ్ముతుంది, రూపాయి పడటం నెమ్మదిస్తుంది. ఇంతవరకు మనలో చాలామందికి తెలిసిందే. మరి ఆ డాలర్లకి బ్యాంకులు కట్టిన రూపాయలు ఏమవుతాయి?

డాలర్ 85 రూపాయలున్నప్పుడు ఆర్‌బీఐ వంద కోట్ల డాలర్లు అమ్మిందనుకుందాం. దాని దగ్గర బ్యాంకులకు ఉండే ఖాతాల్లో 8,500 కోట్ల రూపాయలు తగ్గిపోతాయి. అవి ఇంకెవరి చేతికీ వెళ్లవు, బ్యాంకింగ్ వ్యవస్థలోంచే మాయం. నెలల తరబడి ఇలాగే అమ్మితే బ్యాంకులకే డబ్బు కటకట. అవి ఒకదానికొకటి ఇచ్చుకునే ఒక్కరోజు అప్పు మీద కూడా వడ్డీ పెరుగుతుంది.

2024 చివర్లో డబ్బు కొరత రావడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే 2025 ఫిబ్రవరి 28న ఆర్‌బీఐ వెయ్యి కోట్ల డాలర్లకు స్వాప్ వేలం పెట్టింది. అంటే ఇప్పుడు బ్యాంకుల డాలర్లు తీసుకుని రూపాయలిస్తుంది, మూడేళ్ల తర్వాత ఆ డాలర్లు తిరిగిచ్చేస్తుంది. ఈలోగా అవి నిల్వల లెక్కలోనే కనిపిస్తాయి. కాబట్టి నిల్వల అంకె చూసి మురిసిపోయే ముందు, ఆర్‌బీఐ నెలవారీ బులెటిన్‌లో ముందుముందు ఇవ్వాల్సిన డాలర్ల లెక్క కూడా చూడాలి.

రూపాయిని బలహీనపరచాలంటే ఇదంతా తిరగేయడమే: డాలర్లు కొనాలి. రూపాయలు తన సొంతం కాబట్టి ఆర్‌బీఐకి వాటి కొరత రాదు. కానీ డబ్బు ఎక్కువైతే ధరలు పెరుగుతాయి. 2004లో మార్కెట్ స్థిరీకరణ పథకం పెట్టి బాండ్లు అమ్మింది ఆ అదనపు డబ్బును వెనక్కి లాగడానికే.