నీళ్లు కాగినా ఆగని కెటిల్

ఎలక్ట్రిక్ కెటిల్‌కు నీళ్లు కాగాయో లేదో నేరుగా తెలియదు. దానికి తెలిసేది ఆవిరి మాత్రమే. మూత కింద, పిడి వైపు గోడలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లు తెర్లినప్పుడు లేచే ఆవిరి ఆ రంధ్రంలోంచి పిడి లోపలి గొట్టం గుండా దిగి, మీట పక్కనున్న రూపాయి బిళ్లంత లోహపు రేకును తాకుతుంది. ఆ రేకులో వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. అందుకే దాన్ని బైమెటల్ అంటారు. వేడి తగలగానే ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. దాంతో లోపలికి వంగి ఉన్న రేకు ఒక్కసారిగా బయటికి తిరగబడి మీటను తన్నుతుంది. వినిపించే ‘టక్’ అనే చప్పుడు అదే. బ్రిటన్‌లో 1955లో రసెల్ హాబ్స్ సంస్థ తెచ్చిన కె1 కెటిల్ కూడా ఆవిరితో బైమెటల్‌ను వేడిచేసే ఈ సూత్రంతోనే పనిచేసింది.

కెటిల్ అడుగున, వేడిచేసే పళ్లేనికి ఆనుకుని మరో బైమెటల్ రేకు ఉంటుంది. ఇది కాపలాదారు. నీళ్లు ఇగిరిపోయి పళ్లెం వంద డిగ్రీలు దాటి బాగా వేడెక్కితే కరెంటు తెంచేయడం దీని పని. రోజూ కెటిల్‌ను ఆపేది పై రేకు, ప్రమాదంలో ఆపేది కింది రేకు. కెటిల్‌లో వచ్చే చాలా తేడాలను ఈ రెండింటిలో ఏది మోసపోయిందో చూసి పోల్చుకోవచ్చు.

ఇంట్లో ఎక్కువగా కనిపించే 1500 వాట్ల కెటిల్‌ను తీసుకుందాం. లీటరు మామూలు నీళ్లు అందులో సుమారు నాలుగు నిమిషాల్లో కాగుతాయి. బాగా తెర్లడం మొదలయ్యాక అర నిమిషం లోపే మీట పడాలి. పడకపోతే నిమిషానికి దాదాపు 40 మిల్లీలీటర్ల నీరు ఆవిరైపోతుంది. అంటే అర లీటరు పోసి మరిచిపోతే, తెర్లడం మొదలైన పన్నెండు పదమూడు నిమిషాలకు అడుగు ఎండిపోతుంది. అక్కడి నుంచి భారమంతా కింది రేకుదే.

ఆగకపోవడానికి మొదటి కారణం మూత. అది పూర్తిగా పడకపోయినా, అంచు వదులైనా ఆవిరి రంధ్రం వైపు పోకుండా పైకే పోతుంది. రెండోది సున్నపు పొర. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగున, గోడలకు అంటుకుంటుంది. తెర్లే నీటి తుంపర్లు రంధ్రం దగ్గర ఎండి అక్కడా తెల్లటి పెచ్చు కడతాయి. ఇది ఒక్కరోజులో జరగదు. ముందు టక్‌మనడం కాస్త ఆలస్యమవుతుంది, తర్వాత నిమిషానికి పైగా తెర్లాక గానీ ఆగదు, చివరికి చేత్తో ఆపాల్సి వస్తుంది. ఇలా క్రమంగా ముదిరిన తేడా అయితే అనుమానించాల్సింది సున్నాన్నే.

అదే సున్నం కింది రేకును ఇంకో రకంగా మోసం చేస్తుంది. అడుగున మందంగా పేరుకున్న పొర వేడిని నీళ్లలోకి సరిగా పోనివ్వదు. పళ్లెం మాత్రం అతిగా కాలిపోతుంది. నీళ్లు లేవేమోనని కాపలా రేకు కరెంటు తెంచేస్తుంది. అందుకే ఒకే బోరు నీరు వాడే రెండిళ్లలో ఒక కెటిల్ కాగినా ఆగకపోవచ్చు, మరొకటి కాగకముందే ఆగిపోవచ్చు.

పొర వదిలించడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు చాలు. లీటరు నీళ్లు వేడిచేసి, స్విచ్చి ఆపి, ప్లగ్ తీసి, రెండు పెద్ద చెంచాల నిమ్మఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. వెంటనే బుసబుస నురగ లేస్తుంది. సున్నంలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటపడుతోందని దానర్థం. అరగంట ఉంచి పారబోసి, రెండుసార్లు మంచినీళ్లు కాచి పారబోయాలి. రంధ్రాన్ని నిమ్మఉప్పు నీటిలో ముంచి పిండిన దూదిపుల్లతో తుడవాలి. గొట్టంలోకి నీళ్లు పోయకూడదు, అవి నేరుగా స్విచ్చి మీదికే దిగుతాయి. ఇసుకలాంటి గట్టి పెచ్చు, సిలికా ఎక్కువున్న పొర నిమ్మఉప్పుకు లొంగకపోవచ్చు. దాన్ని కత్తితో గీకితే అడుగు పళ్లెం పాడవుతుంది.

తర్వాత అర లీటరు నీళ్లతో, మూత బిగించి, పక్కనే ఉండి చూడాలి. టక్‌మంటే తేడా తీరినట్టే. రంధ్రంలోకి ఆవిరి పోతున్నా మీట పడకుండా, చేత్తో ఎత్తితే ఆగుతుంటే బైమెటల్ తుప్పు పట్టి ఉండవచ్చు, లేదా మీట ప్లాస్టిక్కు అరిగి ఉండవచ్చు. మీట ఎత్తినా నీళ్లు కాగుతూనే ఉంటే స్విచ్చి లోపలి పలకలు నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోయినట్టు. అప్పుడు గోడ స్విచ్చి ఆపి ప్లగ్ తీసేయాలి, ఆ కెటిల్‌ను మళ్లీ వాడకూడదు. ఆగిన వెంటనే మీట నిలవకపోవడం మాత్రం లోపం కాదు. రేకు చల్లారి వెనక్కి తిరగడానికి కాసేపు పడుతుంది. బలవంతంగా నొక్కి పట్టుకుంటే విరిగేది మీటే.

ఇక కెటిల్ పెట్టగానే ఇంట్లో కరెంటు పోతే, ముందు బోర్డులో ఏది పడిందో చూడాలి. ఎంసీబీ పడితే భారం ఎక్కువైంది, లేదా ఎక్కడో షార్ట్ అయింది. ఈ కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే లైనులో గీజరు, ఇండక్షన్ పొయ్యి కలిసి నడిస్తే కెటిల్ తప్పేమీ ఉండదు. టెస్ట్ బటన్ ఉన్న ఆర్‌సీసీబీ పడితే సంగతి వేరు. ఇళ్లలో వాడేది సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల రకం. లోపలికి వెళ్లిన కరెంటులో అంతమాత్రం తిరిగి రాక ఎర్త్‌లోకి జారిందంటే అది తెంచేస్తుంది.

ఆ జారుడు ఎక్కడో తెలుసుకోవడానికి, ముందు కెటిల్ ఎత్తేసి కింది పీఠాన్ని మాత్రమే ప్లగ్‌లో పెట్టాలి. అప్పుడే పడితే లోపం తీగలోనో, తడిసిన పీఠంలోనో ఉంది. కెటిల్ పెట్టి మీట నొక్కగానే పడితే కాయిల్‌ను అనుమానించాలి. కాయిల్ చుట్టూ విద్యుత్తును అడ్డుకునే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. అది చెమ్మ పీల్చుకుంటే కరెంటు పైతొడుగులోకి జారుతుంది. కాస్త కాగాక పడితే నీరో ఆవిరో లోపలికి కారుతూ ఉండవచ్చు. కడిగేటప్పుడు తడిసిన కెటిల్‌ను, చాలాకాలం మూలన పడేసినదాన్ని రెండు రోజులు ఎండలో బోర్లించి చూడవచ్చు. అయినా పడితే కాయిల్ పోయినట్టే. చాలా కెటిళ్లలో కాయిల్ అడుగు పళ్లేనికే అతికి ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే మార్చడం కుదరదు.

ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఇదే కెటిల్ ఏదీ పడకుండా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఎర్త్ కూడా లేకపోతే, లేదా మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చితే, ఆ జారిన కరెంటు స్టీలు పాత్ర మీదే ఉండి ముట్టుకున్నవారి చేతిలోకి వస్తుంది. పదే పదే పడుతోందని ఆర్‌సీసీబీని తీసేయడమంటే ఆ షాక్‌కు దారి తెరవడమే. తీసేయాల్సింది కెటిల్‌ను.