పేర్చకుండానే నడిమి మార్కు

ఏడుగురి మార్కులు: 42, 87, 15, 63, 29, 91, 50. వీటిలో మధ్యస్థం, అంటే చిన్నవాటి నుంచి నాలుగోది కావాలి.

ముందు ఏదో ఒకటి, 63 అనుకుందాం, తీసుకుని మిగతావాటిని దాంతో పోల్చాలి. తక్కువవి నాలుగు: 42, 15, 29, 50. కాబట్టి 63ది ఐదో స్థానం. దాన్నీ, 87, 91లనూ ఇక ముట్టుకోనక్కర్లేదు. మిగిలిన నాలుగింట్లో 42ను తీసుకుంటే దానికన్నా తక్కువవి రెండే, అది మూడోది. ఇక 50 నాలుగోది, అదే జవాబు. 15, 29లలో ఏది ముందో తేల్చే పనే పడలేదు!

ఇదే క్విక్‌సెలెక్ట్, 1961లో టోనీ హోర్ ప్రచురించిన పద్ధతి. ఎప్పుడూ మొదటి అంకెతోనే పోలిస్తే మాత్రం చిక్కే. ముందే చిన్న నుంచి పెద్దకు పేర్చి ఉన్న 1,000 అంకెల్లో పెద్దదాన్ని వెతకడానికి విడతకు ఒక్కటే తగ్గుతూ 4,99,500 పోలికలవుతాయి. అందుకే ఆ అంకెను లాటరీ తీసినట్టు ఎంచుకుంటారు.