లక్ష అక్కడా లక్షే, మిగిలేదే వేరు

కొండాపూర్‌లో అద్దెకుంటున్న ఒక జంటను ఊహించుకుందాం. సంపాదించేది ఒక్కరే. నెలకు చేతికి లక్ష రూపాయలు వస్తుంది. బెంగళూరులోని ఒక కంపెనీ అంతే జీతమిచ్చి రమ్మంటోంది. ఉద్యోగం బాగుంది, పేరూ పెద్దదే. జీతం మాత్రం అంతే కదా, పోయేదేముంది అనిపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది మొదట ధరల సూచీ కోసం వెతుకుతారు. కార్మిక బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం ప్రతి నెలా ప్రకటించే సూచీలో హైదరాబాద్‌కూ బెంగళూరుకూ విడివిడిగా అంకెలుంటాయి. కానీ అవి ఈ పనికి రావు. ప్రతి ఊరిలోనూ 2016 నాటి ధరలనే 100గా తీసుకుని, అప్పటినుంచి ఆ ఊళ్లో ధరలు ఎంత పెరిగాయో ఆ సూచీ చెబుతుంది. ఏ ఊరు ఖరీదైనదో చెప్పదు. 2016లోనే అద్దెలు మండిపోతున్న ఊరికీ 100, చవగ్గా ఉన్న ఊరికీ 100.

కాబట్టి సొంత పద్దు రాసుకోవడమే మార్గం. ఇక్కడి అంకెలు ఉదాహరణకే, ఎవరి పద్దు వారిది. ఈ జంటకు హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఇల్లు మెయింటెనెన్స్‌తో కలిపి 30,000 అనుకుందాం. బెంగళూరులో ఆఫీసుకు దగ్గరగా అలాంటిదే కావాలంటే 42,000. రాకపోకలకు ఇక్కడ 5,000, అక్కడ 6,500. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు, పనిమనిషి, ఫోన్లు అన్నీ కలిపి ఇక్కడ 28,000, అక్కడ 30,000. ఊళ్లో అమ్మానాన్నలకు పంపేదీ, పాత అప్పు వాయిదా కలిపి 20,000. ఇది ఎక్కడున్నా మారదు.

ఇప్పుడు తీసేస్తే హైదరాబాద్‌లో 17,000 మిగులుతుంది. బెంగళూరులో 1,500.

తేడా 15,500. అందులో 12,000 ఒక్క అద్దెదే. కూరగాయల ధరల గురించి ఎంత వాదించుకున్నా, లెక్కను తిప్పేది ఇల్లే. పీజీలో గది పంచుకునే బ్రహ్మచారికి ఇదే బదిలీ పెద్ద బరువు కాకపోవచ్చు. బస్సు ఖర్చు కూడా మనిషిని బట్టి మారుతుంది. కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు నుంచి మహిళలకు సిటీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే ఆ రాష్ట్రవాసులకే. కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు లేకపోతే బెంగళూరులో టికెట్ కొనాల్సిందే.

పద్దులో తరచూ జారిపోయేది అడ్వాన్సు. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో ఐదారు నెలలది, కొన్నిచోట్ల పది నెలలది కూడా. ఆరు నెలలే అనుకున్నా 2,52,000 కట్టాలి. ఇక్కడ 60,000తో సరిపోయేది. అదనంగా ఇరుక్కునే 1,92,000 బ్యాంకులో ఉంటే, ఏడు శాతం వడ్డీ లెక్కన నెలకు దాదాపు 1,100 వచ్చేది. దాన్నీ కలిపితే తేడా 16,600. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చంటూ ఇంటి ఓనర్ కోసుకునేది వేరే!

మరి ఎంత అడగాలి? ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. అద్దె, రాకపోకలు, ఇంటి ఖర్చులు కలిపి 63,000 నుంచి 78,500కు, అంటే దాదాపు 25 శాతం పెరిగాయి కనుక జీతం కూడా 25 శాతం పెరగాలని చాలామంది అంటారు. కానీ ఊరికి పంపే డబ్బుకూ పొదుపుకూ బెంగళూరు ధరలతో పనిలేదు. ఇప్పటిలాగే 17,000 మిగలాలంటే చేతికి 1,16,600 వస్తే చాలు. పెంపు 17 శాతం లోపే.

అయితే అది చేతికొచ్చే మొత్తం. కొత్త పన్ను విధానంలో, 2025-26 శ్లాబుల ప్రకారం పెంపు తర్వాత వీరి ఆదాయంలో పైభాగం 15 శాతం శ్లాబులో పడుతుంది. సెస్సుతో 15.6 శాతం. అంటే 16,600 చేతికి రావాలంటే నెలజీతం కనీసం దాదాపు 19,700 పెరగాలి. పీఎఫ్ కోత కూడా పెరిగితే ఇంకాస్త ఎక్కువ. కంపెనీలు చెప్పే ప్యాకేజీలో యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనస్ కలిసి ఉంటాయి. బేరమాడాల్సింది వాటిని తీసేసిన అంకె మీద.

పదకొండు నెలల అగ్రిమెంటు ముగిశాక ఈ లెక్క మళ్లీ మారుతుంది. రెండు ఊళ్లలోనూ ఓనర్లు ఐదు శాతమే పెంచారనుకున్నా ఇక్కడి అద్దె 31,500 అవుతుంది, అక్కడిది 44,100. 12,000గా ఉన్న తేడా 12,600కు చేరుతుంది.