రాత్రి తాగింది పొద్దున ఎలా పట్టుబడుతుంది?

మా బావమరిదికి సరుకుల వ్యాను ఉంది. తానే నడుపుకుంటాడు. బంధువుల పెళ్లిలో రాత్రి తొమ్మిదింటికి కూర్చుని ఒక క్వార్టర్ విస్కీ, ఆ మీద ఒక స్ట్రాంగ్ బీరు తాగి, పన్నెండింటికి పడుకున్నాడు. పొద్దున్నే లేచి స్నానం చేశాడు, ఇడ్లీ తిన్నాడు, కాఫీ తాగాడు, బండి తీశాడు. ఏడున్నరకి పోలీసులు ఆపి బ్రీత్ అనలైజర్ ఊదమంటే నవ్వుతూనే ఊదాడు. 41 చూపించింది. మన చట్టంలో హద్దు 30. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అది దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

"మిషన్ పాడైంది బావా, నిద్రపోయి లేచాక ఇంకా ఎక్కడుంటుంది?" అని ఫోన్లో గోల పెట్టాడు. మిషన్ పాడవలేదు. ఆ 41 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద లెక్క కట్టి చూపించవచ్చు.

తాగిన ఆల్కహాల్‌లో తొంభై శాతానికి పైగా కాలేయమే విరిచేస్తుంది. చెమటలో, ఊపిరిలో, మూత్రంలో యథాతథంగా బయటికి పోయేది చాలా కొంచెం. కాలేయంలో ఈ పని చేసే ఎంజైము ఒకే కౌంటరున్న రేషన్ షాపు లాంటిది. బయట పదిమంది నిలబడ్డా వందమంది నిలబడ్డా గంటకి ఇన్ని కార్డులే తెమిలుతాయి. సగటు మనిషిలో ఆ వేగం గంటకి 15 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి 15 చొప్పున తగ్గుతుంది. కొందరిలో 10, కొందరిలో 20. రోజూ బాగా తాగేవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఈ కౌంటరు వేగాన్ని పెంచలేవు. నిద్ర కూడా పెంచదు. మత్తు దిగినట్టు అనిపించడం వేరు, రక్తంలో ఆల్కహాల్ దిగడం వేరు.

ఇప్పుడు లెక్క. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, కాబట్టి అందులో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ నీటికంటే తేలిక గనుక తూకంలో అది 61 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 7 శాతం ఉంటే మరో 36 గ్రాములు. మొత్తం 97. ఇది ఒంట్లోని నీరంతటా కలుస్తుంది, కొవ్వులోకి పెద్దగా పోదు. 70 కిలోల మగవాడిలో ఆల్కహాల్ పరుచుకునే చోటు ఆ బరువులో 68 శాతం, అంటే సుమారు 47.6 కిలోలు. 97ని దానితో భాగిస్తే లీటరుకి 2.04 గ్రాములు, మన కొలతలో 204. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1932లో ప్రచురించిన పుస్తకంతో స్థిరపడిన పద్ధతి ఇది. నేటికీ కోర్టులో నిపుణులు వెనక్కి లెక్క కట్టేటప్పుడు దీన్నే వాడతారు.

ఈ పద్ధతిలో గడియారం మొదటి గుక్క దగ్గర మొదలవుతుంది. తాగుతుండగానే కాలేయం పని మొదలుపెడుతుంది మరి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడున్నర వరకు పదిన్నర గంటలు. గంటకి 15 చొప్పున 157 పోతే మిగిలేది దాదాపు 46. మిషన్ 41 చూపించింది. మావాడి కాలేయం సగటు కంటే కాస్త చురుకు, అంతే. ఈ లెక్కన అతను 30 కిందికి దిగేది ఎనిమిదిన్నర దాటాక. పూర్తిగా సున్నా అయ్యేది పదిన్నరకి.

"ఎన్ని గంటలు ఉంటుంది?" అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేనిది ఇందుకే. అదే మనిషి క్వార్టర్‌తో ఆపి ఉంటే 128 దగ్గర మొదలై ఎనిమిదిన్నర గంటల్లో ఖాళీ అయ్యేది. అదే క్వార్టర్ 50 కిలోల ఆడమనిషి తాగితే ఒంటి బరువూ తక్కువే, అందులో నీటి వంతూ తక్కువే. ఆమె లెక్క 220 దగ్గర మొదలవుతుంది, సున్నాకి రావడానికి పద్నాలుగు గంటలు దాటుతుంది. పైలట్లకు మన దేశంలో విమానం ఎక్కే ముందు 12 గంటలు తాగకూడదని నిబంధన ఉంది. పరీక్షలో సున్నా రావాలని మళ్లీ వేరే నిబంధన కూడా ఉంది. రెండోది ఎందుకంటే, బాగా తాగినవాడికి 12 గంటలు చాలవు.

ఇంకో పొరపాటు దీనికి తిరగేసింది. "ఇల్లు పావుగంట దూరమే, ఎక్కేలోపు చేరిపోతాను" అనేవాళ్లున్నారు. చివరి పెగ్గు తర్వాత అరగంట నుంచి, కడుపులో భోజనం ఉంటే రెండు గంటల దాకా కూడా రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. బండి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ ఉండవచ్చు.

అంతర్జాలంలో తిరిగే పట్టికల్లో ఆల్కహాల్ రక్తంలో 12 గంటలు, శ్వాసలో 24 గంటలు ఉంటుందని కనిపిస్తుంది. అది కుదరని మాట. ఊపిరితిత్తుల్లో గాలి సంచుల చుట్టూ తిరిగే రక్తంలోంచే ఆల్కహాల్ ఆవిరై శ్వాసలోకి వస్తుంది. బావిలో నీళ్లయిపోయాక చేదలోకి ఎక్కణ్నుంచి వస్తాయి? ఈ రెండు పరీక్షలదీ ఒకే గడియారం. సుమారు 2,100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉండే ఆల్కహాల్, 1 మిల్లీలీటరు రక్తంలో ఉండేదానికి సమానమని తీసుకుని యంత్రం రక్తం అంకెను చూపుతుంది. లోపల ప్లాటినం పూత ఉన్న చిన్న ఫ్యూయెల్ సెల్ ఉంటుంది. ఆల్కహాల్ దాని మీద ఆక్సీకరణ చెందితే కరెంటు పుడుతుంది, ఎంత కరెంటో అంత అంకె. ఆపకుండా గట్టిగా ఊదమనేది లోపలి గాలి కావాలని. పైపైన ఊదితే మిషన్ ఆ నమూనాను ఒప్పుకోదు. లవంగమో పాన్ మసాలానో నమిలితే వాసన మారుతుంది, కరెంటు మారదు.

శ్వాస పరీక్ష నిజంగా తప్పే చోటు నోరు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుక్కిలించినా, కొన్ని హోమియో చుక్కలు, దగ్గు మందులు వేసుకున్నా, అప్పుడే త్రేన్పు వచ్చినా నోట్లో మిగిలిన తడి ఊపిరితో కలిసి అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది. ఆ తడి పావుగంటలో పోతుంది. అందుకే పద్ధతిగా చేసే పరీక్షలో 15 నిమిషాలు ఏమీ నోట్లో వేసుకోనివ్వకుండా కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. మౌత్‌వాష్ అయితే రెండోసారి సున్నాకి పడిపోతుంది. మావాడు పావుగంట తర్వాత మళ్లీ ఊదితే 38 వచ్చింది. నోట్లోది కాదు, రక్తంలోదేనని అక్కడే తేలిపోయింది.

శ్వాస పరీక్షలో ఆల్కహాల్ కనిపించినవాళ్ల దగ్గర, ఊదనని మొండికేసినవాళ్ల దగ్గర రక్తం తీయించే వీలు 204వ సెక్షన్‌లో ఉంది. రక్తం మాట దబాయింపుకి లొంగదు, కానీ తీసేవాళ్ల చేతిలో పాడవగలదు. సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు. బూడిదరంగు మూత ఉన్న ట్యూబులోనే పట్టాలి. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేని సీసాలో పట్టి ఎండలో వదిలేస్తే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి తాగని ఆల్కహాల్‌ను పుట్టించగలవు, ఉన్నదాన్ని తినేయనూ గలవు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష చేస్తే ట్యూబు మూత రంగు, రక్తం తీసిన సమయం ఈ రెండూ గుర్తు పెట్టుకోండి.

మూత్రం దగ్గరికి వస్తే గడియారమే వేరు. మూత్రాశయం ఒక తొట్టి. రాత్రంతా పడిన చుక్కలన్నీ అందులో కలిసి ఉంటాయి. పొద్దున మొదటిసారి పోసిన మూత్రంలో ఆల్కహాల్ ఉందంటే, రక్తంలో ఇప్పుడు ఉన్నట్టు కాదు, రాత్రి ఎప్పుడో ఉన్నట్టు. అందుకే ఒకసారి తొట్టి ఖాళీ చేయించి, కాసేపాగి రెండో నమూనా తీసుకుంటే ఆ అంకెకు విలువ.

మూత్రంలో "మూడు రోజులు దొరుకుతుంది" అని చెప్పేది అసలు ఆల్కహాల్ గురించి కాదు. కాలేయం ఆల్కహాల్‌లో చాలా చిన్న వంతును ఇథైల్ గ్లూకురోనైడ్ అనే పదార్థంగా మారుస్తుంది. దాన్ని క్లుప్తంగా ఈటీజీ అంటారు. ఆల్కహాల్ పోయాక కూడా ఇది మూత్రంలో పోతూ ఉంటుంది. ఒకటి రెండు పెగ్గులైతే ఒక రోజు వరకు, బాగా తాగితే రెండు మూడు రోజుల వరకు దొరుకుతుంది. అమెరికాలో ఉద్యోగ లైసెన్సు నిలుపుకోవడానికి తాగుడు మానిన డాక్టర్లకీ నర్సులకీ, కాలేయ మార్పిడి కోసం ఎదురుచూసే రోగులకీ చేసే పరీక్ష ఇది. బండి నడిపేటప్పుడు మత్తులో ఉన్నాడా అన్నది ఇది చెప్పదు. ఎంత తాగాడన్నదీ చెప్పదు. అంతే కాదు, చేతులకి రోజంతా శానిటైజర్ రాసుకునేవాళ్లలో కూడా కొద్దిగా కనిపించగలదు. అందుకే తక్కువ అంకెను పట్టుకుని ఎవరినీ తాగుబోతు అనకూడదు.

ఈ రెండు మూత్ర పరీక్షలకీ తేడా తెలియకపోతే ఏమవుతుందో పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సంగతి చెబుతుంది. 2020లో వైద్య పత్రికలో వచ్చింది. 61 ఏళ్ల ఆవిడకి కాలేయం గట్టిపడిపోయింది, అదుపులేని షుగరు కూడా. మార్పిడి జాబితా కోసం మూత్రం పరీక్షిస్తే ప్రతిసారీ ఆల్కహాల్ వస్తోంది. తాగలేదమ్మా అని ఆవిడ ఎంత చెప్పినా నమ్మక, తాగుడు దాస్తోందనే అనుకున్నారు, మాన్పించే చికిత్సకి పంపారు. చివరికి డాక్టర్లకి అనుమానం వచ్చింది. మూత్రంలో ఆల్కహాల్ ఉంది, ఈటీజీ లేదు. రక్తంలో ఆల్కహాల్ లేదు. మనిషిలో మత్తు జాడ లేదు. ఆమె మూత్రంలో మాత్రం చక్కెర విపరీతంగా ఉంది, ఈస్టు కూడా ఉంది. ఆ మూత్రాన్ని ఒంటి వేడిమి దగ్గర ఉంచి చూస్తే అందులో ఆల్కహాల్ పెరుగుతూ వచ్చింది. చల్లగా ఉంచితే అంతగా పెరగలేదు. కల్లు పులిసినట్టు, ఆమె మూత్రాశయంలోనే చక్కెర పులిసి ఆల్కహాల్ అవుతోంది. ఆ తర్వాతే ఆవిడ పేరు మార్పిడి కోసం మళ్లీ పరిశీలనకి తీసుకున్నారు.