ఫొటో కింద రాయడానికి మాటలు రానప్పుడు

ఇంట్లో మనిషి పోయిన రోజు సాయంత్రానికే ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడుగుతారు. ఫ్లెక్సీ దుకాణం వాళ్ళు ఫోన్ చేసి ‘ఫొటో కింద ఏం రాయమంటారు’ అంటారు. లేదంటే మేనల్లుడు స్టేటస్ పెట్టడానికి ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన నిలబడతాడు. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు, పని జరగాలి కదా. జవాబు చెప్పాల్సిన మనిషికి మాత్రం రెండు రాత్రులుగా నిద్ర ఉండదు, తిండి సరిగా దిగి ఉండదు. వచ్చినవాళ్ళందరికీ జరిగిందంతా మొదటి నుంచి చెప్పి చెప్పి గొంతు పోయి ఉంటుంది. ‘మీ ఇష్టం, ఏదో ఒకటి రాయండి’ అంటారు. అప్పుడు దుకాణంలో సిద్ధంగా ఉన్న మాటలు వస్తాయి: తీరని లోటు, అశ్రునివాళి, మీ ఆశయాలే మాకు ఆదర్శం. అవి అబద్ధాలు కావు. ఊరందరికీ కబురు తెలియాల్సిన ఫ్లెక్సీకి అవి చాలు కూడా. కానీ మనకంటూ మిగుల్చుకునే ఫొటో కింద కూడా అవే పడితే, అందులో ఉన్నది ఎవరమ్మో ఎవరి నాన్నో పదేళ్ళ తర్వాత చూసే పిల్లలకు తెలియదు.

పత్రిక డెస్కులో చాలాకాలం ఫొటోల కింద రెండేసి వాక్యాలు రాసే పని చేశాను. అక్కడ నేర్చుకున్న పద్ధతే దుఃఖంలో ఉన్నవాళ్ళకు అన్నిటికంటే పనికొస్తుందని నా నమ్మకం. పత్రికలో క్యాప్షన్ రాసేవాడు ఫొటో చూసి ఏమనిపించిందో రాయడు. ఫొటోలో ఎవరున్నారు, అది ఎక్కడ ఎప్పుడు తీసింది, అందులో వాళ్ళేం చేస్తున్నారు అన్న మూడు సంగతులు ముందు రాస్తాడు. చోటుంటే, బొమ్మలో కనబడని ఒక్క విషయం ఆ తర్వాత చేరుస్తాడు.

అలసిన మనసుకు ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. నిద్రలేమి, దుఃఖం కలిసినప్పుడు మొదట సన్నగిల్లేవి ఏకాగ్రత, మాట వెతుక్కునే శక్తి. తెలిసిన మాటే నాలుక చివర ఆగిపోతుంది, మొదలుపెట్టిన వాక్యం సగంలో తెగుతుంది. ఆ స్థితిలో ‘అమ్మ గురించి రాయి’ అంటే యాభై అరవై ఏళ్ళ జీవితంలోంచి ఏది ముఖ్యమో ఎంచుకుని, తూచి, దానికి తగ్గ మాట వెతకాలి. అది ఆరోగ్యంగా ఉన్న రోజునే కష్టం. ‘ఈ ఫొటోలో అమ్మ ఎక్కడ కూర్చుంది?’ అని అడిగితే జ్ఞాపకం తవ్వక్కర్లేదు. చూసి చెబితే చాలు, జవాబు కళ్ళముందే ఉంటుంది. ఖాళీ కాగితం నుంచి గుర్తు తెచ్చుకోవడం వేరు, ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు. రెండోదానికి శ్రమ చాలా తక్కువ.

జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి గల్ఫ్ వెళ్ళి పనిచేసుకుంటున్న ఒకతను నాకు తమ్ముడి వరస. అక్కడ చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టి సంసారాలు ఈదినవాళ్ళు. వాళ్ళమ్మ కూడా అంతే. ఆమె పోయినప్పుడు అతనికి సమయానికి రావడం కుదరలేదు. అంత్యక్రియలు ఫోన్లో వీడియో కాల్‌లో చూశాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు.

“అన్నా, అమ్మ ఫొటో పెట్టాలె. ఏం రాయాల్నో తెలుస్తలేదు. గంట సేపాయె, రాసుడు, చెరుపుడు.”

రాయొద్దని చెప్పి, నేను అడుగుతుంటే నోటితో చెప్పమన్నాను.

“ఏ ఫొటో తమ్మీ?”

“అరుగు మీద కూసున్నది.”

“ఏం చేస్తున్నది?”

“ఆకు కత్తిరిస్తున్నది. చేట ఒళ్ళె పెట్టుకొని.”

“ఎప్పటిది?”

కొంచెంసేపు మాట లేదు. “గోడకు కొత్త సున్నం ఉన్నది. అంటే పోయిన దసరకు నేనొచ్చినప్పుడు. నేనే తీసిన.”

నేను కాగితం మీద రాసుకున్నది అతనికే చదివి వినిపించాను: ‘మా అమ్మ. పోయిన దసరాకు, మా ఇంటి అరుగు మీద. ఒళ్ళో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ.’ అందులో అతను చెప్పని మాట ఒక్కటీ లేదు. అతనికి కష్టమైన పని రాత, దాన్ని నేను తీసుకున్నాను. చూడడం, చెప్పడం అతనివే. ఇద్దరు మనుషులుంటే ఈ పని ఇలా పంచుకోవచ్చు. అడిగేవాళ్ళు ఒక్కో ప్రశ్నే అడగాలి, జవాబు వచ్చాకే రెండోది. ‘అమ్మంటే నీకేం గుర్తొస్తుంది’ లాంటి పెద్ద ప్రశ్న ఆ రోజు అడగకూడదు.

ఆ మూడు ముక్కలూ విన్నాక అతనంతట అతనే నాలుగోది చెప్పాడు: “తీస్తుంటే, ఆగురా, కొంగు సక్కగ జేసుకోనియ్ అన్నది. నేను ఆగలే, తీసిన.” ఫొటోలో ఆమె చెయ్యి కొంగు దగ్గర ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ఈ నాలుగో సంగతి కోసం వెతకకూడదు. మూడు సంగతులు సరిగా పడితే చాలాసార్లు అదే వస్తుంది. రాకపోతే మూడింటితో ఆపేసినా క్యాప్షన్ పూర్తయినట్టే. అతను మాత్రం ఆ మాట అమ్మ అన్నది అన్నట్టే, యాసతో సహా, చేర్చాడు.

ఆ క్యాప్షన్లో సమాపక క్రియ లేదని గమనించే ఉంటారు. అది కావాలని చేసిందే. మనిషి పోయిన మొదటి రోజుల్లో ‘కూర్చుంది’, ‘కూర్చునేది’, ‘చుట్టేది’ అని రాయబోతే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. నిన్నటిదాకా ‘ఉంది’ అన్నచోట ఇవాళ ‘ఉండేది’ అని రాయడం చాలామందికి అన్నిటికంటే బరువైన పని. మన భాషలో క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది. ‘మా అమ్మ, అరుగు మీద’ అంటే చాలు, కాలం తేల్చుకోనక్కర్లేదు. నాన్న విషయంలో ‘కూర్చున్నాడు’ అనాలా ‘కూర్చున్నారు’ అనాలా అని అన్నదమ్ముల మధ్య వచ్చే తర్జనభర్జన కూడా దీంతో తప్పుతుంది.

ఫొటో ఎంపిక దగ్గరే సగం పని తేలిపోతుంది. ఫ్లెక్సీకి సాధారణంగా పెళ్ళి ఫొటోలోంచో ఆధార్ ఫొటోలోంచో ముఖం మాత్రం కత్తిరించి, వెనక ఆకాశమో దేవుడి బొమ్మో పెట్టి, దండ వేస్తారు. అలా కత్తిరించినప్పుడు భుజం మీద చెయ్యి వేసిన అక్క పోతుంది, వెనక గుమ్మం పోతుంది, చేతిలోని పని పోతుంది. ఇక క్యాప్షన్‌కు చెప్పడానికి పేరు తప్ప మిగలదు. దాచుకోవడానికి తీసే ఫొటో కత్తిరించనిది కావాలి, వీలైతే చేతులు కనబడేది. చేతులు కనబడితే ఏదో ఒక పని కనబడుతుంది, మూడో సంగతి దానంతటదే దొరుకుతుంది. నాలుగు వందల ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పే ఓపిక ఆ రోజు ఉండదు కాబట్టి, అయిదు ఏరి ముందుపెట్టమని పిల్లలకు చెప్పడం మేలు.

తప్పు ఎక్కువగా దొర్లేది తేదీ దగ్గర. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పేరు IMG-20231018-WA0007 అని ఉంటే 2023 అక్టోబర్ 18న తీశారనుకుంటారు. అది వాట్సాప్‌లో ఆ ఫొటో నడిచిన రోజు, తీసిన రోజు కాదు. పదేళ్ళ కిందటి ఫొటోను నిన్న ఎవరో పంపినా దాని పేరులో నిన్నటి తేదీయే పడుతుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోల్లోంచి తీసిన తేదీ వివరాలు చెరిగిపోతాయి కూడా. అసలు ఫొటో ఎవరి ఫోన్లో ఉందో వాళ్ళ గ్యాలరీలో వివరాలు తెరిచి చూస్తే నిజమైన తేదీ దొరుకుతుంది. అదీ లేకపోతే గల్ఫ్ తమ్ముడు చేసినట్టు బొమ్మలోనే వెతకాలి: గోడకు సున్నం, పక్కన ఆడుకునే పిల్లవాడి వయసు, వెనక వేలాడే క్యాలెండర్. అప్పటికీ తేలకపోతే ‘చిన్నోడు పుట్టిన ఏడు’ అని రాస్తే సరి. ఊహించి వేసిన తేదీ కంటే అది నిజం, ఇంట్లోవాళ్ళకు ఎక్కువ తెలిసేది కూడా.

ఇంకో పొరపాటు రెండు పనులు ఒకేచోట కలపడం. అంత్యక్రియలు ఎన్నింటికి, పెద్దకర్మ ఎప్పుడు, ఏ ఊళ్ళో అన్నది కబురు. దాన్ని విడిగా పంపాలి. అందులో పూర్తి పేరు, వయసు, సమయం, చోటు తప్పుల్లేకుండా ఉండాలి. ఫొటో కింద మాట వేరు, దానికి తొందర లేదు. రెండూ కలిపితే సమయం వెతుక్కునేవాళ్ళకు అది దొరకదు, ఫొటో చూసేవాళ్ళ కన్ను గడియారం మీద పడుతుంది. ఆసుపత్రి సంగతులు, చివరి గంటలు కూడా ఆ రోజు క్యాప్షన్లోకి రానివ్వకపోవడమే మంచిది. దగ్గరివాళ్ళలో ఇంకా కబురు అందనివాళ్ళు ఉంటే, వాళ్ళకు ఫోన్ చేసే వరకు ఏదీ పెట్టకూడదు. మేనత్త తన తమ్ముడు పోయాడని స్టేటస్ చూసి తెలుసుకున్న ఇళ్ళు ఉన్నాయి.

కొందరు ఫొటోనే బయటపెట్టలేరు. ఫ్రెంచ్ రచయిత రోలాండ్ బార్త్ తల్లి 1977లో పోయింది. ఆమె ఫొటోలన్నీ తిరగేస్తే అతనికి తన అమ్మ దొరికింది ఒక్కదానిలోనే, అదీ ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటిది. 1980లో వచ్చిన ‘కెమెరా లూసిడా’లో దాని గురించి రాశాడు కానీ, పుస్తకమంతా ఫొటోలున్నా ఆ ఒక్కటి మాత్రం అచ్చువేయలేదు. తనకు తప్ప మిగతావాళ్ళకు అది మామూలు పాత ఫొటోగానే కనబడుతుందని అతని భావన. ఏం రాశాడంటే: ఏడాది 1898, ఆమెకు అయిదేళ్ళు, పక్కన ఏడేళ్ళ అన్న, అద్దాల పైకప్పున్న తోటలో చిన్న కర్ర వంతెన చివర ఇద్దరూ నిలబడి ఉన్నారు. అంత పెద్ద దుఃఖం మీద రాసిన ఆ పుస్తకంలోనూ అమ్మ ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవే ముందొచ్చాయి. బొమ్మ చూడనివాళ్ళకు కూడా అది కళ్ళకు కడుతుంది.

ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. స్టేటస్ ఇరవై నాలుగు గంటలకు పోతుంది, దాంతో మీరు రాసిన మాటా పోతుంది. ఆ మూడు వాక్యాలను ఫొటోతో కలిపి మీకు మీరే పంపుకోండి, లేదా తోబుట్టువుకు పంపండి. ప్రింట్ తీయిస్తే వెనక బాల్ పెన్నుతో రాయొద్దు, ఒత్తు ముందువైపు తేలుతుంది. మెత్తని పెన్సిల్‌తో తేలికగా రాయాలి. ఇప్పటి నునుపు కాగితం మీద పెన్సిల్ పట్టకపోతే విడి చీటీ మీద రాసి, ఫొటోతోపాటు ఒకే కవర్లో పెట్టాలి. సంవత్సరీకానికి అందరూ కూడినప్పుడు ఆ చీటీ బయటికి తీస్తే మిగతావాళ్ళు తమకు తెలిసినవి చెబుతారు. ఆ చేట ఎవరు అల్లింది, ఆ చీర ఎవరు పెట్టింది అన్నవి అప్పుడు అదే చీటీలో, చెప్పినవాళ్ళ పేరుతో సహా, కింద రాసుకోవచ్చు.