గంటన్నర మాటల్లోంచి మూడు వరుసలు

అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం ఎలా జరుగుతుందో చెప్పక్కర్లేదు. లిఫ్టు గురించి మొదలై, మామిడికాయల ధర మీదుగా ఎవరి అబ్బాయి వీసా దగ్గరికో వెళ్తుంది. ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు, దాన్ని అక్షరాల్లోకి మార్చే యాప్‌లూ ఉన్నాయి. చివరికి కార్యదర్శి చేతికి ఇరవై, ముప్పై పేజీలు వస్తాయి. దాన్నంతా గ్రూపులో పెడితే ఎవరూ చదవరు. అందరికీ కావలసింది మూడే సంగతులు: ఏం నిర్ణయించారు, ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా.

2025 జూన్ 8, ఆదివారం జరిగిన ఒక సమావేశం ఊహించుకుందాం. రాతప్రతిలో ఒక ముక్క ఇలా ఉంది:

12:05 ఫ్లాట్ 204: మోటారు మార్చేద్దామండీ. ఎన్నిసార్లని రిపేరు చేయిస్తాం?
12:20 కోశాధికారి: సరే, డబ్బులెక్కణ్ణుంచి తెస్తాం?
41:10 అధ్యక్షుడు: అయితే ముందు ఇంకో రెండు కొటేషన్లు తెప్పిద్దాం. తర్వాతే మోటారు సంగతి.
41:25 కార్యదర్శి: నేను అడుగుతా.
41:30 అధ్యక్షుడు: వచ్చే ఆదివారానికల్లా.
41:33 కార్యదర్శి: ఆఁ, సరే.
58:00 అధ్యక్షుడు: ట్యాంకు కూడా కడిగించాలి. ఎవరో ఒకరు వాచ్‌మన్‌కి చెప్పండి.

మొదటి నుంచి చదువుకుంటూ వస్తే 12వ నిమిషం దగ్గరే బోల్తా పడతాం. ‘మార్చేద్దాం’ అన్నారు, వెంటనే ‘సరే’ అని కూడా వినిపించింది, ఇంకేం, మోటారు మార్పు ఖాయం అని రాసేస్తాం. కానీ ఆ ‘సరే’ ఒప్పుకోలు కాదు, ప్రశ్న అడగడానికి ముందు వేసిన ఊతపదం. అందుకే నేను రాతప్రతిని కిందినుంచి పైకి చదవమంటాను. ఒక్కో విషయం మీద చివర ఏమన్నారో ముందు పట్టుకుంటే, అంతకు ముందువన్నీ వాదనలేనని తేలిపోతుంది. అవి మినిట్స్‌లోకి రావు. 204 వారికి కాస్త కష్టంగా ఉంటుంది గానీ, తప్పదు.

బాధ్యత దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ‘నేను అడుగుతా’ అన్నది స్పష్టమైన మాటే. అయితే అది ఎవరన్నారు? ఇద్దరు ఒకేసారి మాట్లాడితే యాప్ ఒకరి మాటను ఇంకొకరి పేరు మీద వేస్తుంది. ‘చేద్దాం’ అన్నదానికైతే ఎవరూ బాధ్యులు కారు, అందరం అంటే ఎవరమూ కాదన్నట్టే. ట్యాంకు సంగతి సరిగ్గా అదే. వాచ్‌మన్‌కి చెప్పాల్సింది ఎవరో ఆ గదిలో తేలలేదు. మామూలుగా ఇలాంటివి చూసేది ఫలానా ఆయనే కదా అని ఆ పేరు రాసేయడం పెద్ద తప్పు. ఒప్పుకోని మనిషి నెత్తిన పని పెట్టినట్టవుతుంది, తర్వాతి సమావేశం ఆ గొడవతోనే మొదలవుతుంది. ఆ గడిలో ‘తేలలేదు’ అని రాయాలి.

గడువును తేదీగా మార్చకపోతే అది గడువే కాదు. ‘వచ్చే ఆదివారం’ అన్నది సమావేశం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టాలి, మినిట్స్ రాస్తున్న రోజు నుంచి కాదు. ఇక్కడ జూన్ 15. ‘పండగ లోపు’, ‘రెండు మూడు రోజుల్లో’ లాంటివి వస్తే సొంతంగా తేదీ వేయకుండా, అన్న మనిషినే అడగాలి. ఇలాంటి చోట్లను తొందరగా పట్టుకోవాలంటే రాతప్రతిలో ‘కల్లా’, ‘లోపు’, ‘లోగా’ అని వెతికితే చాలావరకు దొరుకుతాయి.

చివరగా రికార్డింగు. మొత్తం వినక్కర్లేదు, ఎంచుకున్న నిమిషాల దగ్గర మాత్రం వినాలి. తెలుగులో కాదనడం చాలాసార్లు క్రియ చివరే ఉంటుంది. ‘తెప్పిద్దాం’ కాస్తా ‘తెప్పించొద్దు’ అయితే నిర్ణయం తలకిందులైనట్టే, గోలలో యాప్ పొరబడేదీ అక్కడే. అంకెలూ అంతే, పదిహేను, పదహారు చెవికి దగ్గరగానే వినిపిస్తాయి.

ఇంత చేశాక మిగిలేది ఇదీ:

లిఫ్టు: మోటారుపై నిర్ణయానికి ముందు మరో రెండు కొటేషన్లు తెప్పించాలి. బాధ్యత: కార్యదర్శి. గడువు: 2025 జూన్ 15. (41:10)
ట్యాంకు: కడిగించాలి. బాధ్యత: తేలలేదు. గడువు: తేలలేదు. (58:00)
మోటారు మార్పు: నిర్ణయం కాలేదు.

మూడో వరుస అనవసరం అనిపించవచ్చు. కానీ మార్చడానికి ఒప్పుకున్నారని నమ్ముతూ ఇంటికెళ్ళినవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, అది వాళ్ళ కోసం. పక్కన వేసిన నిమిషాలు కూడా అందుకే: ఎవరైనా కాదంటే ఆ చోటు వినిపించవచ్చు. మర్నాటికల్లా గ్రూపులో పెట్టి, సవరణలుంటే రెండు రోజుల్లో చెప్పమనాలి. ట్యాంకు వరుస చూసి ఎవరో ఒకరు ‘నేను చెప్తాలెండి’ అంటారు. అప్పుడు ఆ గడిలో వారి ఫ్లాట్ నంబరు, వారు చెప్పిన తేదీ చేర్చాలి. అది సమావేశంలో కాక తర్వాత ఒప్పుకున్నదని పక్కనే రాయాలి.