‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాసేముందు

స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టులో ఆటల రిమార్కుకి ఇచ్చే జాగా రెండు మూడు లైన్లకు మించదు. జిమ్నాస్టిక్స్ నేర్చుకునే పిల్లలకు ఆ జాగాలో తరచూ పడే మాట ఒకటుంది: ‘బాగా మెరుగుపడింది. ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి.’ రాసిన మేడమ్ ఉద్దేశం మంచిదే. కానీ ఆ కాగితం ఇంటికి చేరాక మొదటి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండో వాక్యం చదివి, ‘ఎందుకే అంత భయం? ధైర్యంగా చెయ్యొచ్చుగా’ అని అమ్మానాన్నలు మందలిస్తారు. అప్పటిదాకా భయం ఒక్కటే ఉన్న పిల్లకి, భయపడుతున్నానన్న సిగ్గు కూడా తోడవుతుంది. ఆమె ఎక్కడ ఆగిపోతోందో, ఎందుకు ఆగుతోందో, వచ్చే టర్మ్‌లో ఏం చేయించబోతున్నారో మాత్రం రిపోర్టులో ఎక్కడా ఉండదు.

ఒక ఐదో తరగతి అమ్మాయిని ఊహించుకుందాం. జూన్‌లో చేరింది, దసరా సెలవులకు ముందు టర్మ్ ముగుస్తోంది. నేర్చుకుంటున్నది బ్యాక్ వాకోవర్. నిలబడి, రెండు చేతులూ చెవుల పక్కగా పైకెత్తి, వెనక్కి వంగుతూ అరచేతులు నేలకు ఆనించాలి. ఆ తర్వాత కాళ్లు ఒకదాని వెనక ఒకటి తల మీదుగా దాటి వచ్చి, మళ్లీ నిలబడాలి. చూసేవాళ్లకు ఇందులో పెద్ద వేగం కనిపించదు. చేసే పిల్లకి మాత్రం వంగడం మొదలైన క్షణం నుంచి అరచేతులు కంటబడేదాకా నేల కనిపించదు. కనిపించని చోటికి తలను పంపించాలి. భయం పుట్టేది సరిగ్గా అక్కడే.

ఆ భయాన్ని మాటల్లో చెప్పే పిల్లలు తక్కువ. ఒంటితో చెబుతారు. ఈ అమ్మాయి చేతులు పైకెత్తుతుంది, కొంచెం వంగుతుంది, దించేస్తుంది. అరచేతులు లెగ్గింగ్స్‌కి తుడుచుకుంటుంది. పాదాలు సర్దుకుంటుంది. మళ్లీ ఎత్తుతుంది. చివరికి ‘మేడమ్, ఒక్కసారి చెయ్యి పెట్టండి’ అంటుంది. మేడమ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక చెయ్యి నడుము కింద, ఇంకో చెయ్యి తొడ దగ్గర పెట్టగానే ఆగకుండా దాటేస్తుంది. చూసేవాళ్లందరూ ‘వచ్చు, భయం అంతే’ అనేస్తారు. తొందరపాటు అక్కడే జరుగుతుంది.

ఎందుకంటే అది నిజంగా భయమేనా అన్నది మేడమ్ అరచేతికి తెలుస్తుంది. పిల్ల దాటుతున్నప్పుడు నడుము కింద ఉన్న చేతి మీద బరువు పడుతోందా లేదా అన్నది గమనించాలి. బరువు పడుతుంటే ఆ పని సగం చేస్తున్నది మేడమే. భుజాలు ఇంకా తగినంత తెరుచుకోలేదు, నేలకు ఆనగానే మోచేతులు మడతపడుతున్నాయి, లేదంటే మొదటి కాలు బలంగా లేవడం లేదు. అలాంటి పిల్ల చెయ్యి తీసేస్తే వెనకాడటం లోపం కాదు. తన ఒంటి సంగతి తాను సరిగ్గానే అంచనా వేసుకుంటోంది. మోచేతులు మడతపడితే తల నేలకు తగులుతుందని ఆమెకు తెలుసు. ఆ పిల్ల రిపోర్టులో ఆత్మవిశ్వాసం ఊసే రాకూడదు. భుజాల సాగుడు, బ్రిడ్జ్‌లో నిలబడే బలం గురించి రాయాలి.

బరువు తెలియకపోతే కథ వేరు. మేడమ్ రెండు చేతుల నుంచి ఒక చేతికి, ఒక చేతి నుంచి వేలికొసలకు తగ్గిస్తూ వస్తుంది. వేలికొస తగిలితే చాలు, మోచేతులు వంగకుండా, నడుము పక్కకి తిరగకుండా అమ్మాయి దాటేస్తోంది. వేలు తీసి అంగుళం దూరంలో పెడితే మాత్రం మొదలే పెట్టడం లేదు. ఇప్పుడు ఒంటికి విద్య వచ్చింది, మొదలుపెట్టడం రాలేదు. టర్మ్ చివర్లో ఈ అమ్మాయి ఉన్నది ఇక్కడ.

దీన్ని కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది: ‘జూన్‌లో బ్రిడ్జ్ వేసి నిలబెట్టడానికి కష్టపడేది. ఇప్పుడు మోచేతులు వంగకుండా నిలబెడుతోంది. ఏటవాలు మ్యాట్ మీద బ్యాక్ వాకోవర్ ఎవరి సాయం లేకుండా చేస్తోంది. చదునైన నేల మీద వేలికొస ఆనిస్తే శుభ్రంగా చేస్తోంది. చెయ్యి తీస్తే మొదలుపెట్టేముందు ఆగుతోంది. వచ్చే టర్మ్‌లో మ్యాట్ వాలు కొంచెం కొంచెం తగ్గిస్తూ నేల మీదికి తెస్తాం. ఇంట్లో దీన్ని సాధన చేయించవద్దు.’

ఇందులో ‘భయం’ అన్న మాట లేదు, ‘ఆత్మవిశ్వాసం’ కూడా లేదు. ‘ఆగుతోంది’ అన్నది కంటికి కనిపించే పని. దాన్ని పిల్ల స్వభావంగా ఎవరూ తీసుకోరు. పోల్చింది కూడా ఆమె జూన్ నెలతోనే. హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. ఆ పేరు పిల్లలందరికీ తెలియాలి, కానీ వెనకాడే పిల్ల రిమార్కులో అలాంటి పోలిక వద్దు.

ఏటవాలు మ్యాట్ మాట రాయడానికి కారణం ఉంది. ఎత్తుగా ఉన్న వైపు నిలబడి పల్లం వైపు వంగితే, కాళ్లు దాటడానికి ఆ వాలే సాయపడుతుంది. విద్య అదే, కష్టం తక్కువ. సొంతంగా నెగ్గిన అనుభవమే మనిషికి తన మీద నమ్మకం కలిగించడంలో అన్నిటికన్నా బలంగా పనిచేస్తుందనీ, పక్కవాళ్లు చెప్పే ధైర్యం అంతగా పనిచేయదనీ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించాడు. జిమ్నాస్టిక్స్ హాల్లో ఇది రోజూ కనిపిస్తుంది. ‘నువ్వు చెయ్యగలవమ్మా’ అని పదిసార్లు అన్నా కదలని పిల్ల, వాలు మ్యాట్ మీద వరసగా నాలుగుసార్లు దాటాక ఐదోసారి చెప్పకుండానే చేతులు ఎత్తుతుంది. అందుకే రిమార్కులో ప్రోత్సాహక వాక్యానికి బదులు తర్వాతి మెట్టు ఉండాలి. ఆ మెట్టు నెగ్గగలిగేంత చిన్నదిగా ఉండాలి. ‘డిసెంబరుకల్లా వచ్చేస్తుంది’ అని తేదీ మాత్రం రాయకూడదు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ పిల్ల బిగుసుకుపోతుంది.

చివరి వాక్యం అమ్మానాన్నల కోసం. పరుపు మీద, సోఫా పక్కన వీడియో తీస్తూ చేయించే ఇళ్లు ఉన్నాయి. మెత్తటి పరుపులో అరచేతులు దిగబడితే మణికట్టు మెలిపడవచ్చు. ఒక్కసారి అలా పడితే టర్మ్ అంతా కట్టుకున్నది పోతుంది. అడగాలనుకుంటే ‘ఇవాళ ఏం చేశావు?’ అని అడగొచ్చు. ‘చెయ్యి లేకుండా చేశావా?’ అని మాత్రం అడగొద్దు.

ఇలా రాయకూడని సందర్భం ఒకటుంది. ఎప్పుడో వచ్చేసిన విద్య ఉన్నట్టుండి పోవడం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ వాల్ట్ మీద గాలిలో రెండున్నర మెలికలు తిరగాల్సి ఉండగా ఒకటిన్నరకే ఆగి దిగింది. గాలిలో తానెక్కడున్నదీ తెలియడం లేదని టీమ్ ఫైనల్ నుంచి తప్పుకుంది. ప్రపంచంలోనే మేటి జిమ్నాస్ట్ ఆమె, ధైర్యం లేక కాదు. పిల్లల్లో ఇలాంటిది కనిపిస్తే రిమార్కు కాలమ్‌తో సరిపెట్టకూడదు. ఆ విద్యను పక్కనపెట్టి, తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాలి.

కవరులో పెట్టేముందు రాసింది పిల్లకి చదివి వినిపించడం మంచిది. మన అమ్మాయి విని, ‘ఆగుతున్నది నిజమే మేడమ్, కానీ వాలు తగ్గితే నాకేం కాదు, లైన్లో వెనక అందరూ చూస్తుంటేనే’ అనవచ్చు. అప్పుడు తర్వాతి మెట్టు వాక్యం కొట్టేసి వేరేది రాయాలి: ‘వచ్చే టర్మ్ మొదటి వారాల్లో లైన్లో అందరికన్నా ముందు, పిల్లలు వార్మప్‌లో ఉండగా ఈమె చేత చేయిస్తాం.’